బ్యాళ్లకు విజిల్ లెక్క పనికిరాదు

పోయిన ఉగాదికి మా ఇంట్లో కట్టుసారు లేదు. కోలారులో నాలుగు తరాలుగా ఉంటున్న ఇల్లు ఇది. పండగనాడు ఒబ్బట్టూ, దాని వెంబడి కట్టుసారూ తప్పిన ఏడు లేదని పెద్దమ్మ అంటుంది. ఈసారి ఒబ్బట్లు ఎట్లో గట్టెక్కినాయి గానీ సారు మాత్రం టమాటా రసంతో సరిపెట్టుకున్నాము. ఆ రోజునుంచి మా కుటుంబంలో ఒక తగాదా నడుస్తా ఉంది. నడుస్తా ఉండేది ఇంట్లోనే గానీ, మీ ఇళ్లల్లో కూడా ఇదే జరుగుతా ఉంటుందని మా అనుమానం. అందుకే దాన్ని ఇక్కడ బయట పెడుతున్నాము.

జరిగింది ఇదీ. ఇరవై అయిదు మందికి వంట. కిలో కందిబ్యాళ్లు. (ఆంధ్రా చుట్టాలు వీటిని కందిపప్పు అంటారు, బొబ్బట్లకు శనగపప్పు వాడతారు. మా పక్క ఒబ్బట్టు కందిబ్యాళ్లతోనే.) పెద్దమ్మ మోకాళ్ల నొప్పితో పొయ్యి దగ్గర నిలబడలేకపోయింది. బెంగళూరునుంచి వచ్చిన మా తమ్ముడి భార్య, పాపం మంచి మనసుతోనే, "నేను చూసుకుంటా పెద్దత్తా, మీరు కూచోండి" అని పది లీటర్ల కుక్కర్లో బ్యాళ్లు పోసి మూడు విజిళ్లు పెట్టింది. మూత తీస్తే లోపల బ్యాళ్లు లేవు. పచ్చటి గంజి ఉంది. దాన్ని వార్చబోతే జల్లెడలో నుంచి అంతా కిందికి దిగిపోయింది. బెల్లం వేసేసరికి ఇంకా జారైంది. గంటన్నర సేపు తిప్పి తిప్పి గట్టిపరిస్తే గానీ పూర్ణం ఉండ కట్టలేదు. కట్టు అన్నమాటే లేదు. సారుకు కావలసిన నీళ్లన్నీ పూర్ణంలోనే ఉండిపోయినాయి.

తప్పు ఆ పిల్లది కాదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె అమ్మ కూడా కుక్కర్లోనే వండింది. తప్పు, "బ్యాళ్లంటే మూడు విజిళ్లు" అని ఒక లెక్క కట్టి దాన్నే వంట అనుకున్న మన అందరిదీ. ఆ లెక్కమీదే మా పోట్లాట.

మొదట కుక్కరు చేసే పని ఏమిటో న్యాయంగా చెప్పుకుందాము. తెరిచిన గిన్నెలో నీళ్లు ఎంత మంట పెట్టినా మరిగే వేడిని దాటవు. సముద్రం ఒడ్డున అది 100 డిగ్రీలు. మా కోలారు ఎత్తుమీద ఉండే ఊరు గనక ఇక్కడ ఇంకా మూడు డిగ్రీలు తక్కువకే మరుగుతాయి. కుక్కర్లో ఆవిరి బయటికి పోక లోపల ఒత్తిడి పెరుగుతుంది గనక నీళ్లు 120 డిగ్రీల దాకా పోతాయి. అందుకే నలభై నిమిషాల పని పది నిమిషాల్లో అయిపోతుంది. రాజ్మాకూ, కాబూలీ శనగలకూ, పాత ఉలవలకూ మేమూ కుక్కరే పెడతాము. దాని మీద మాకు పగ లేదు.

కానీ కందిబ్యాళ్లు తొక్క తీసి బద్దలు చేసిన గింజ. నీళ్లు దూరడానికి అడ్డమే లేదు. ఒక బద్ద ఉడికినదానికీ చితికినదానికీ మధ్య గిన్నెలో పది నిమిషాల సందు ఉంటుంది. కుక్కర్లో ఆ సందు నిమిషమో రెండు నిమిషాలో. పైగా మూత బిగించి ఉంటుంది, చూసేదానికి లేదు, గుచ్చేదానికి లేదు. పోయిన నెల తెచ్చిన బ్యాళ్లకు రెండు విజిళ్లు సరిపోతే ఈ నెల తెచ్చినవాటికి నాలుగు కావచ్చు. అంగడివాడు ఏ గోదాములోనుంచి తెచ్చినాడో, అవి ఎన్నాళ్లు నిలవ ఉన్నాయో విజిల్‌కు ఏం తెలుస్తుంది?

పప్పు చేసుకునేవాళ్లకు, సాంబారు చేసుకునేవాళ్లకు చితికినా నష్టం లేదు, ఎట్లాగూ ఎనిపేదే. మన కర్ణాటక తెలుగు ఇళ్లల్లో వంటలే వేరు. కట్టుసారు ఒకటి చెప్పినాము. ఇంకోటి బస్సారు. కన్నడంలో బసియడమంటే వార్చడం. బ్యాళ్లూ ఆకుకూరా కలిపి ఉడికించి, నీళ్లు వార్చి, ఆ నీళ్లతో సారు, మిగిలిన గట్టిదానితో పల్యం. ఒక గిన్నెలోనుంచి రెండు వంటలు, పక్కన రాగిముద్ద. ఇవన్నీ ఒకే షరతుమీద నిలబడి ఉన్నాయి: బద్ద మెత్తగా ఉడకాల, కానీ బద్దగానే ఉండాల. ఆ షరతు కుక్కరు తీర్చలేదు. అందుకే ఈ వంటలు మన పిల్లల ఇళ్లల్లో కనిపించవు. వాళ్లకు రుచి తెలియక కాదు. వాళ్ల దగ్గర ఉండే సామానుతో అవి రావు గనక.

మా తమ్ముడు అడ్డం వచ్చినాడు. "అదంతా సరే, గంటసేపు గ్యాసు కాల్చేది ఎవరు? పొయ్యి ముందర నిలబడేది ఎవరు? నువ్వా, మా ఆవిడా?" న్యాయమైన మాటే. గంట అన్నది మాత్రం తప్పు. అదే చూపిద్దామని ఉగాది అయిన తర్వాత ఒక ఆదివారం మేము ముగ్గురం ఆడవాళ్లం, గడియారం చూసుకునేదానికి తమ్ముణ్ణి కూచోబెట్టి, ఒకే సంచీలోని బ్యాళ్లను మూడు రకాలుగా ఉడికించినాము. మూడు గిన్నెలకూ తలా ఒక గ్లాసు, అంటే సుమారు 200 గ్రాములు. మూడింటికీ ఆరు గ్లాసుల నీళ్లు.

మొదటిది నానబెట్టకుండా, ఇంటి బోరునీళ్లతో. గంటా పదిహేను నిమిషాలకు కూడా కొన్ని బద్దల నడుమ తెల్ల చుక్క ఉండింది, కొన్ని అంచులు చితికి ఉండినాయి. రెండోది ముప్పావు గంట నానబెట్టి, అవే బోరునీళ్లతో. యాభై నిమిషాలు. మూడోది ముప్పావు గంట నానబెట్టి, క్యానులో తెచ్చుకునే శుద్ధి నీళ్లతో. మరగడం మొదలైనప్పటినుంచి ముప్పై రెండు నిమిషాలు. కుక్కర్లో వేడెక్కేదీ, విజిళ్లూ, ఆవిరి దిగి మూత వచ్చేదాకా ఆగేదీ కలిపితే తమ్ముడి లెక్కలోనే ఇరవై అయిదు నిమిషాలు అయింది. అంటే తేడా పది పదిహేను నిమిషాలు. నానేది లెక్కలోకి తీసుకోము, దానికి ఎవరూ నిలబడి ఉండక్కరలేదు.

నానడం గురించి ఒక మాట. "నానబెడితే మంచిది" అని అందరూ అంటారు గానీ ఎందుకో చెప్పరు. పొడి బద్దను వేడినీళ్లలో వేస్తే పైపొర ముందు ఉడుకుతుంది, నడుమకు నీళ్లు చేరేలోపల అంచు చితుకుతుంది. మా మొదటి గిన్నెలో జరిగింది అదే. నానిన బద్దలో నీళ్లు ముందే నడిమిదాకా పోయి ఉంటాయి గనక అంతా ఒక్కసారిగా ఉడుకుతుంది. కాబట్టి నానడం టైము మిగిల్చేదానికంటే ఎక్కువగా బద్ద ఆకారం నిలిపేదానికి. కందిబ్యాళ్లకు ముప్పావు గంట చాలు, గంట చాలా ఎక్కువ. ఒక బద్దను గోటితో విరిస్తే లోపలిదాకా ఒకే రంగు ఉండాల. రాత్రంతా నానబెట్టేది గింజలకు, అంటే ఉలవలు, అలసందలవంటివాటికి. బద్దలను రాత్రంతా పెడితే ఎండాకాలంలో తెల్లారేసరికి పుల్లవాసన వస్తుంది, ఉడికేటప్పుడు విచ్చిపోతాయి. నానిన నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పోయండి. కడుపుబ్బరం తెచ్చే చక్కెరలు కొన్ని ఆ నీళ్లతో పోతాయి. అన్నీ పోవు, కొన్ని.

ఇక బోరునీళ్లు. మా పోట్లాటలో అసలు దొంగ ఇదేనని ఆరోజు తేలింది. కోలారు జిల్లాలో నీళ్లు ఎంత లోతునుంచి వస్తాయో మీకు తెలుసు. బకెట్టు అంచున తెల్లగా గడ్డకట్టే సున్నమూ, సబ్బు నురగరాకపోవడమూ చూసే ఉంటారు. ఆ కాల్షియమే బ్యాళ్లలో కూడా పని చేస్తుంది. గింజలోని కణాలను ఒకదానికొకటి అంటించి పట్టుకునే జిగురు ఒకటి ఉంటుంది, పెక్టిన్ అంటారు. ఉడకడమంటే ఆ జిగురు కరిగి కణాలు విడిపోవడమే. కాల్షియం వచ్చి ఆ జిగురును గట్టిగా బిగిస్తుంది. అప్పుడు గంటసేపు మరిగినా బద్ద కసుక్కుమంటూనే ఉంటుంది. మన పెద్దవాళ్లకు కాల్షియం పేరు తెలియదు. అయినా మా అవ్వ బ్యాళ్లకు మాత్రం వాననీళ్ల కడవలోనుంచే తీసేది. కోడళ్లు దాన్ని ఛాదస్తం అనుకున్నారు. కడవ పోయింది, బోరు వచ్చింది, బ్యాళ్లు ఉడకలేదు, కుక్కరు కొన్నారు. తర్వాత "తెరిచిన గిన్నెలో ఎవరు చేస్తారమ్మా, ఉడకవే" అన్నారు. ఉడకనిది గిన్నెవల్ల కాదు, నీళ్లవల్ల.

క్యాను నీళ్లు లేకపోతే ఒక దారి ఉంది. బోరునీళ్లను ముందురోజు రాత్రి పది నిమిషాలు బాగా మరిగించి చల్లారబెట్టండి. సున్నంలో కొంత భాగం అడుగున తెల్లగా దిగుతుంది. పైపై తేట మాత్రం వంచుకుని వాడండి. అంతా పోదు, కానీ తేడా తెలుస్తుంది. చిటికెడు వంటసోడా వేస్తే తొందరగా మెత్తబడేది నిజమే. మేము వద్దంటాము. సోడా పడితే బద్ద జారిపోతుంది, సబ్బువాసన వస్తుంది, బ్యాళ్లలో ఉండే బి1 విటమిను పాడవుతుంది. ముఖ్యంగా కట్టుకు పట్టే ఆ తియ్యటి వాసన పోతుంది.

పాత బ్యాళ్లు ఇంకో గొడవ. వేడీ చెమ్మా ఉండేచోట నెలల తరబడి నిలవ ఉన్న బ్యాళ్లలో, బయటినుంచి సున్నం రాకపోయినా, గింజలోని కాల్షియమే విడుదలై ఆ జిగురును బిగిస్తుంది. మంచినీళ్లు పోసినా, నానబెట్టినా గంటైనా ఉడకకపోతే అది మీ చేతి తప్పు కాదు. ఆ సంచీని పప్పుకో సాంబారుకో కుక్కర్లో వాడేయండి, బస్సారుకు మాత్రం ముట్టుకోవద్దు.

నురుగు దగ్గరికి వస్తున్నాము. ఇక్కడ మాకు కుక్కరు పక్షంకంటే మా పక్షంవాళ్లతోనే పెద్ద తగువు.

మా కుటుంబం గుంపులో ఒక మెసేజి తిరుగుతా ఉంటుంది, మీకూ వచ్చే ఉంటుంది. బ్యాళ్లు ఉడికేటప్పుడు వచ్చే తెల్లనురుగు యూరిక్ యాసిడ్ అనీ, కుక్కర్లో అది లోపలే ఉండిపోతుంది గనక కీళ్లవాతం వస్తుందనీ, తెరిచిన గిన్నెలో నురుగు తీసేస్తే విషం పోయినట్టేననీ. తెరిచిన గిన్నెను మెచ్చుకునే మెసేజి గదా, మాకు సంతోషం కావాల. కాలేదు. ఎందుకంటే అది అబద్ధం. దాన్ని నమ్మి మా పెదనాన్న, కాలి బొటనవేలి వాపు మనిషి, ఆరు నెలలు ఇంట్లో ఏ బ్యాళ్లూ తినలేదు. ఆయనకు పప్పు మానమని డాక్టరు చెప్పలేదు, ఫోను చెప్పింది. ముద్దలోకి ఉత్త మజ్జిగా ఊరగాయా నంజుకుని సన్నబడినాడు. పెద్దమ్మ కళ్లనీళ్లు పెట్టుకునేది.

నురుగు అంటే ఏమిటి? బ్యాళ్లలోని ప్రొటీను కొంత నీళ్లలోకి దిగుతుంది, వేడికి విచ్చుకుని బుడగల చుట్టూ పొరగా పరుచుకుంటుంది. దానికి తోడు సాపోనిన్ అనే పదార్థం కొంచెం ఉంటుంది. కుంకుడుకాయ నురగ ఇచ్చేదీ ఆ జాతి పదార్థం వల్లనే. కొంచెం పిండీ, మిల్లు దుమ్మూ కలుస్తాయి. ఇంతే. యూరిక్ యాసిడ్ గిన్నెలో తయారయ్యేది కాదు. తిండిలోని ప్యూరిన్లు అరిగినప్పుడు మన ఒంట్లో తయారయ్యేది. ఆ ప్యూరిన్లు నీళ్లలో కరిగేవి. అంటే ఎక్కడికైనా దిగితే కట్టులోకి దిగుతాయి గానీ నురుగులో కూచోవు. నురుగు గరిటెతో తీసి పారేసి, కట్టుసారు మూడుసార్లు పోసుకుని తాగి, విషం పోయిందనుకునేవాళ్లను చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు. పెదనాన్నను చివరికి డాక్టరు దగ్గరికి తోలుకుపోయినాము. మాంసం తగ్గించమన్నాడు, తాగుడు మానమన్నాడు, పప్పు తినమన్నాడు. తాగుడు సంగతి ఆ మెసేజిలో లేదు మరి.

అయితే నురుగు తీయకూడదా? తీయండి, కానీ సరైన కారణానికి. ఒకటి, పొంగి పొయ్యి ఆర్పుతుంది. రెండు, మొదట వచ్చే బూడిదరంగు నురుగులో దుమ్మూ చిరుచేదూ ఉంటాయి, అవి కట్టులో కలిస్తే సారు మసకగా, మందంగా వస్తుంది. ఎనిపే పప్పుకైతే నురుగు కలిపేసినా ఏమీ కాదు. సారుకు మాత్రం తీయాల, తేటగా రావాలంటే.

దాన్ని అణిచే పద్ధతి పెద్దమ్మ చేతినుంచి నేర్చుకున్నాము. సగం పని కడగడంలోనే అయిపోతుంది. మూడు నాలుగు నీళ్లు, వేళ్లతో రుద్ది, నీళ్లు దాదాపు తేటగా వచ్చేదాకా. గిన్నె పెద్దది కావాల, బ్యాళ్లూ నీళ్లూ కలిసి సగానికి మించకూడదు. మొదటి ఉడుకు వచ్చేదాకా మూత పెట్టొద్దు, పక్కనుంచి కదలొద్దు. నురుగు లేచేది ఆ అయిదు పది నిమిషాలే, మిగిలిన అరగంట దాని గొడవే ఉండదు. గిన్నెను మంటకు సరిగ్గా నడుమ పెట్టకుండా కొంచెం పక్కకు జరపండి. అప్పుడు ఒక పక్కనుంచి మరుగు లేచి నురుగునంతా ఎదుటి అంచుకు తోస్తుంది, చిల్లుల గరిటెతో రెండుమూడు సార్లు అక్కడ ఎత్తితే చాలు. గిన్నె అంతా వెతుక్కోనక్కరలేదు. నురుగు తీసిన తర్వాత అర చెంచా నూనె. వేరుశనగనూనె గానీ ఏదైనా గానీ. నూనె బుడగ పొరమీద పరుచుకుని దాన్ని పగలగొడుతుంది, మళ్లీ పొంగనివ్వదు. పసుపు కూడా అప్పుడే వేస్తాము, అది రంగుకూ వాసనకూ. పసుపే నురుగు అణుస్తుందని అనేవాళ్లున్నారు, మేము నమ్మము. గిన్నె మీద అడ్డంగా కట్టెగరిటె పెట్టేది కూడా కొంచెం సాయమే, కానీ మంట పెద్దగా ఉంటే దాన్నీ దాటి పొంగుతుంది.

ఇదే నురుగు కుక్కర్లో ఏం చేస్తుందో కూడా ఆలోచించండి. వెయిటు కింది సన్నరంధ్రంలోకి ఎక్కుతుంది. విజిల్‌తో పాటు గోడమీద పచ్చటి చుక్కలు పడేది అందుకే. అది గట్టిపడి రంధ్రం మూసుకుంటే ప్రమాదం. బ్యాళ్లు పోసేటప్పుడు కుక్కరు సగానికి మించి నింపొద్దనేది దీనివల్లనే. మా ఉగాది కుక్కరు ఎంతదాకా నింపినారో అడగొద్దు.

ఇప్పుడు ఆ ఆదివారం మూడో గిన్నెతో బస్సారు ఎట్లా చేసినామో చెప్తాము, లెక్కతో సహా.

నానిన ఒక గ్లాసు బ్యాళ్లు, ఆరు గ్లాసుల క్యాను నీళ్లు, పెద్దమంట. ఎనిమిది నిమిషాలకు మరుగు వచ్చింది. నురుగు మూడుసార్లు ఎత్తినాము. నూనె, పసుపు. మంట బాగా తగ్గించి, మూత ఒక వేలంత సందుతో. ఇక్కడ చాలామంది చేసే తప్పు, మంట పెద్దగానే వదిలేయడం. పెద్ద మరుగులో బద్దలు ఒకదానికొకటి కొట్టుకుని చితుకుతాయి. నీళ్ల వేడి మాత్రం అంతే ఉంటుంది, గ్యాసు దండగ. నీళ్లపైన అక్కడక్కడ బుడగ లేచి పగిలేంత సన్నసెగ చాలు. గరిటె పెట్టి కలపొద్దు.

ఇరవై రెండో నిమిషంలో ఒక బద్ద తీసి బొటనవేలూ చూపుడువేలూ మధ్య నొక్కినాము. మెత్తగా ఉంది గానీ నడుమ తెల్లటి చుక్క. ఇరవై ఆరుకు చుక్క చిన్నదైంది. అప్పుడు ఉప్పూ, కడిగి తరిగిన రెండు కట్టల దంటుకూరా, అంటే తోటకూర జాతిదే, వేసినాము. ఉప్పు ముందు వేస్తే బ్యాళ్లు ఉడకవని మా ఇంట్లో ఒక నమ్మకం. తర్వాత పరీక్షించి చూస్తే ఉప్పుతో ఏమీ కాలేదు. ఉడకనివ్వనిది పులుపు. చింతపండు గానీ మామిడికాయ గానీ బద్ద మెత్తబడక ముందు పడితే ఆ జిగురు కరగదు, ఎంతసేపైనా అట్లాగే ఉంటుంది. మేము ఉప్పును ఆలస్యంగా వేసేది కూరతో పాటు పడుతుందనే.

ముప్పై రెండో నిమిషంలో నొక్కితే చుక్క లేదు. బద్ద వేళ్ల మధ్య వెన్నలా అణిగింది, కానీ గిన్నెలో ఇంకా బద్దగానే ఉంది. వెంటనే పొయ్యి ఆపి వార్చినాము. ఈ "వెంటనే" ముఖ్యం, ఆ వేడినీళ్లలోనే వదిలేస్తే అది ఉడుకుతూనే పోతుంది. నాలుగు గ్లాసులకు కొంచెం తక్కువ కట్టు వచ్చింది. పల్చటి పసుపురంగు, గ్లాసులో పోసి చూస్తే అవతలి వేలు మసకగా కనిపించేంత తేట. గంజిలాగా చిక్కగా ఉందంటే బద్ద చితికిందని గుర్తు.

ఉడికిన బ్యాళ్లూ కూరా ఒక పిడికెడు పక్కన తీసి, నూనెలో వేయించిన ఒక ఉల్లిగడ్డ, ఆరు తెల్లగడ్డ రెబ్బలు, ఎండుమిరపకాయలు, మిరియాలు, జీలకర్ర, ధనియాలు, కొంచెం పచ్చికొబ్బరి, నిమ్మకాయంత చింతపండుతో కలిపి మెత్తగా రుబ్బినాము. దాన్ని కట్టులో కలిపి పదినిమిషాలు మరిగిస్తే సారు. మిగిలినదానికి ఆవాలు, ఎండుమిరప, ఉల్లి తాళింపు పెట్టి కొబ్బరి చల్లితే పల్యం. పెదనాన్న రెండు ముద్దలు తిన్నాడు. తమ్ముడు గడియారం సంగతి మరిచిపోయి మూడోసారి సారు అడిగినాడు. అందువల్ల గెలిచినామని మేము చెప్పుకోము, ఆకలిమీద ఉండి ఉండవచ్చు.

గ్యాసు మాట ఇంకా మిగిలి ఉంది. నిజంగా మిగిల్చాలనుకునేవాళ్లకు ఒక ఉపాయం. నురుగు తీసి నూనె వేసిన తర్వాత పది నిమిషాలు ఉడికించి పొయ్యి ఆపేయండి. అడుగు మందంగా ఉండే గిన్నైతే మూత గట్టిగా పెట్టి, పాత దుప్పటి గుడ్డ చుట్టి అరగంట వదిలేయండి. ఆ వేడికే సగం ఉడుకుతుంది. తర్వాత మళ్లీ మంట పెట్టి పది పన్నెండు నిమిషాలు. మంట మండిన సమయం మొత్తం అరగంట లోపలే. పొద్దున ఆఫీసుకు పోయే ఇళ్లల్లో ఇది కుదరకపోవచ్చు. కుదరని రోజు కుక్కర్లో పప్పు చేసుకోండి, ఎవరూ ఏమీ అనరు. కానీ కుక్కరు గంజిని తెచ్చి ఇదే కట్టుసారు అని పిల్లలకు పెట్టొద్దు. వాళ్లు అదే నిజమనుకుంటారు.

ఇంకో మాట మా సొంతవాళ్లకే. మా ఇంట్లో అవ్వ కాలపు ఇత్తడి తపేలా ఒకటి అటకమీద ఉంది. ఉగాది గొడవ తర్వాత కొందరు, "అందులోనే చేయాల, అప్పుడే ఆ రుచి" అని మొదలుపెట్టినారు. దానికి కళాయి పోయి ఏళ్లయింది. కళాయి లేని ఇత్తడిలో చింతపండు మరిగిస్తే చిలుము దిగుతుంది, అది తినదగింది కాదు. కళాయి వేసేవాణ్ణి వెతికి వేయించే ఓపిక ఉంటే వేయించండి, సంతోషం. లేకపోతే అంగడిలో దొరికే అడుగు మందం స్టీలు గిన్నె చాలు. మేము చేసింది స్టీలులోనే. మేము అడిగేది గిన్నె గురించి కాదు, మూత తెరిచి చూడడం గురించి.

మా తమ్ముడి భార్య ఈ రాత చదివి ఒక దిద్దుబాటు పంపింది. మూడు విజిళ్లు కాదట, నాలుగట. నాలుగోది తానే మరిచిపోయి వదిలిందట. వచ్చే ఉగాదికి బ్యాళ్లు తానే పెడతానంటోంది, క్యాను నీళ్లూ తానే తెస్తానంటోంది. ముందురోజు ఇంటికి వచ్చేవాళ్లు చిల్లుల గరిటె ఒకటి తెచ్చుకోండి, మా దగ్గర ఉండేది ఒకటే.